రిటైర్ అయ్యే పెద్దాయనకి అందరం కలిసి గిఫ్ట్: తలా ఎంత, ఏ తేదీలోగా?

ప్రశ్న: బెంగళూరులో ఒక ఫ్యాక్టరీలో పని చేస్తున్నా. మా సీనియర్ ఒకాయన వచ్చే నెలాఖరుకి రిటైర్ అవుతున్నారు. 50 మంది దాకా ఉన్నాం. అందరం కలిసి ఏదైనా గిఫ్ట్ ఇద్దామని డబ్బులు వసూలు చేసే పని నా నెత్తిన పెట్టారు. తలా ఎంత పెట్టాలి, ఏ తేదీలోగా ఇమ్మనాలి? కొందరు వెయ్యి అంటున్నారు, కొందరు అసలు నోరే విప్పడం లేదు. ఎవరూ నొచ్చుకోకుండా ఎలా చేయాలో తెలిసినవాళ్లు చెప్పండి.

జవాబు:

ముందు ఆ వెయ్యి అన్నది ఎవరో చూడండి. మీ దగ్గర జీతం బాగా ఉన్న నలుగురైదుగురే అయి ఉంటారు, ఎందుకంటే మిగతావాళ్లు గ్రూపులో అంకె చెప్పరు. నోరు విప్పనివాళ్లు ఒప్పుకున్నట్టు కాదండీ, "ఇంత అంటే నా వల్ల కాదు" అని పదిమంది ముందు చెప్పుకోలేక ఊరుకున్నట్టు. మీరు ఆ నలుగురి మాట పట్టుకుని తలా వెయ్యి అని మెసేజ్ పెట్టేశారంటే వసూలు సగంలో ఆగుతుంది, మీరు జనం వెంట తిరుగుతూ ఉంటారు.

మా పీణ్యా యూనిట్‌లో ఈ వసూళ్లు చాలా ఏళ్లుగా నా చేతి మీదుగానే జరుగుతున్నాయి, కాబట్టి ఒక మాట గట్టిగా చెప్పగలను. అందరూ చేసేది ఏమిటంటే ముందు వెండి దీపాలో టీవీయో అనుకుంటారు, దాని ధర కనుక్కుంటారు, దాన్ని 50తో భాగించి తలా ఇంత అంటారు. తిరగేసి చేయండి. అందరిలో తక్కువ జీతం ఉన్నవాళ్లు ఇంట్లో చెప్పుకోకుండా తీసి ఇవ్వగలిగింది ఎంతో చూడండి, అక్కడి నుంచి మొత్తం ఎంత వస్తుందో లెక్క కట్టండి, ఆ మొత్తంలో ఏం వస్తుందో అప్పుడు వెతకండి. భాగించే పద్ధతిలో 50 మందీ ఇస్తారని ముందే నమ్మేసినట్టు. అలా ఎక్కడా జరగదు. ఒకాయన లాంగ్ లీవ్‌లో ఉంటాడు, ఒకమ్మాయి చేరి రెండు వారాలే అయి ఉంటుంది, ఇద్దరికి ఆ పెద్దాయనతో మాటలే ఉండవు. తలా వెయ్యి పెట్టి 40 మందే ఇచ్చారనుకోండి, తగ్గిన పదివేలు ఎవరు పెట్టుకోవాలి? మీరు పెట్టుకోవాలి, లేదా ఇచ్చినవాళ్లనే "ఇంకో రెండొందల యాభై" అని అడగాలి. ఆ రెండో విడత అడగడం మొదలైతే గిఫ్ట్ మీద ఉన్న సరదా అంతా పోతుంది.

ఉత్తి మాటలు కాకుండా పోయిన ఏడాది మేం చేసింది అంకెలతో చెప్తాను, మీకు దాదాపు అదే లెక్క సరిపోతుంది.

మా స్టోర్స్ ఇన్‌చార్జ్, అందరం స్టోర్స్ సార్ అనే పిలుస్తాం, ఆయనది హిందూపురం వైపు ఊరు. 2025 ఆగస్టు 31న రిటైర్మెంట్. మాది 52 మంది ఉన్న డిపార్ట్‌మెంట్. అందులో నెల జీతం స్టాఫ్ 18 మంది, పర్మనెంట్ ఆపరేటర్లు 20 మంది, కాంట్రాక్టర్ ద్వారా వచ్చే హెల్పర్లు 14 మంది. వీళ్ల ముగ్గురి జీతాలకీ పోలికే లేదు, అయినా మొదట్లో "అందరికీ ఒకటే, తలా ఐదొందలు" అన్నారు కొందరు. సమానంగా ఉంటుంది కదా అని వాళ్ల వాదన. వినడానికి బాగానే ఉంటుంది. కానీ హెల్పర్‌కి ఐదొందలంటే దాదాపు ఒక రోజు కూలి, మేనేజర్‌కి అది ఒక పూట బయట భోజనం. అందుకని మేం ఇలా పెట్టాం: స్టాఫ్ తలా 500, ఆపరేటర్లు తలా 300, హెల్పర్లని మేం అడగం. తోచినంత ఇస్తామని వాళ్లే వస్తే 100 దాటి తీసుకోం.

ఆ 100 దాటకూడదన్న షరతు ఎందుకంటే, పెట్టకపోతే ఒక హెల్పర్ 300 ఇస్తాడు, అది చూసి పక్కవాడు ఇబ్బంది పడుతూనే 300 తెస్తాడు. పైనా అంతే. మా మేనేజర్ ఒకాయన రెండు వేలు ఇస్తానన్నారు, నేను ఐదొందలే తీసుకున్నాను. "సార్, మీరు విడిగా ఏమైనా ఇవ్వాలనుకుంటే ఇంటికెళ్లి ఇవ్వండి, ఇందులో కలిపితే మిగతా స్టాఫ్ వెయ్యి ఇవ్వాలేమో అనుకుంటారు" అని చెప్తే ఆయన ఏమీ అనుకోలేదు. పెద్ద జీతాలవాళ్లకి ఈ మాట సూటిగా చెప్తే సాధారణంగా అర్థం చేసుకుంటారు.

సరే, లెక్క. 18 మంది 500 చొప్పున 9,000. 20 మంది 300 చొప్పున 6,000. హెల్పర్ల డబ్బు లెక్కలో వేయలేదు. మొత్తం 15,000 రావాలి. నేను ఎప్పుడూ ఇందులో ఆరో వంతు కొట్టేసి ఆలోచిస్తాను, అంటే చేతిలో ఉండేది 12,500 అనుకుని గిఫ్ట్ వెతకడం. మీ దగ్గర జనం బాగా కలిసిమెలిసి ఉంటే ఇంకొంచెం తక్కువ కొట్టేయండి, షిఫ్టుల వల్ల ఒకరి మొహం ఒకరు చూడని చోటైతే నాలుగో వంతు కొట్టేసినా తప్పు లేదు.

అంకె తేల్చే ముందు ఇంకో సంగతి చూసుకోండి: ఈ ఏడాది మీ దగ్గర ఇంకెంతమంది రిటైర్ అవుతున్నారు? హెచ్ఆర్‌ని అడిగితే చెప్తారు. ఒకేసారి చేరిన బ్యాచ్ దాదాపు ఒకేసారి రిటైర్ అవుతుంది కాబట్టి పాత ఫ్యాక్టరీల్లో ఏడాదికి నలుగురైదుగురు ఉండడం మామూలే. ఇప్పుడు వెయ్యి అని పెడితే అది రేటు అయి కూర్చుంటుంది, మార్చిలో రిటైర్ అయ్యే ఆయనకి 500 అంటే "ఆయనకి అంత, మా వాడికి ఇంతేనా" అని మొదలవుతుంది. ఇలాంటివి జనం ఏళ్ల తరబడి గుర్తుపెట్టుకుంటారు, జీతం ఎప్పుడు ఎంత పెరిగిందో మర్చిపోతారు గానీ ఇది మర్చిపోరు.

వెయ్యి వద్దనడానికి ఇంకో కారణం కూడా ఉంది. 50 మంది తలా వెయ్యి అంటే 50,000. కొన్నిచోట్ల వస్తువు ఎందుకు, కవర్‌లో డబ్బే పెట్టి ఇచ్చేద్దాం అంటారు. బంధువులు కానివాళ్ల దగ్గర్నుంచి ఒక ఆర్థిక సంవత్సరంలో ఊరికే వచ్చిన డబ్బు మొత్తం 50,000 దాటితే, దాటిన ముక్క మీదే కాదు, మొత్తం డబ్బూ ఆయన ఆదాయంలో కలుస్తుంది, దాని మీద పన్ను లెక్క వస్తుంది. బంగారు నగలకీ ఇలాంటి లెక్కే ఉంది. కుర్చీ, ఫోను, మిక్సీ లాంటి మామూలు వాడుక వస్తువులకి ఈ గొడవ లేదు. సరిగ్గా ఆ గీత మీద నిలబడే వసూలు ఎందుకు పెట్టుకోవాలి చెప్పండి.

మీరు ఫ్యాక్టరీ అన్నారు కాబట్టి ప్రైవేటు అనుకుని రాస్తున్నా. ఇది చదివే వాళ్లలో సెంట్రల్ గవర్నమెంట్ ఆఫీసుల వాళ్లుంటే వాళ్లకి సర్వీస్ రూల్సే ఉన్నాయి. వీడ్కోలు విందు ఆంతరంగికంగా చేసుకోవచ్చు గానీ చందా ఇమ్మని ఎవరినీ ఒత్తిడి చేయకూడదు, పై గ్రేడ్ ఆఫీసర్ విందు కోసం కింది రెండు తరగతుల ఉద్యోగుల దగ్గర అసలు వసూలే చేయకూడదు. అక్కడ "తలా ఇంత" అని సర్క్యులర్ లాగా పెట్టడం మంచిది కాదు.

ఇక తేదీ. నా అనుభవంలో డబ్బు ఎంత అన్నదానికన్నా ఇక్కడే ఎక్కువమంది బోల్తా పడతారు. నెలాఖరుకి రిటైర్మెంట్ కదా, 25లోగా ఇవ్వండి అంటారు. 25వ తేదీకి ఎవరి జేబులో ఏముంటుంది? అందరి చేతికీ జీతం వచ్చిన రెండు మూడు రోజుల తర్వాత గడువు పడాలి, ఆ తర్వాత వస్తువు తయారై రావడానికి సరిపడా రోజులుండాలి. ఈ రెండిటి మధ్య ఎక్కడ కుదిరితే అదే మీ తేదీ.

మా సంగతే తీసుకోండి. ఆగస్టు 31 ఆదివారం, అంటే సార్ చివరి పని రోజు 30, శనివారం. ఫంక్షన్ ఆ రోజే. ఇది ముందే క్యాలెండర్ తీసి చూసుకోవాలి, ఎందుకంటే నెలాఖరు ఆదివారమైతే ఒక రోజు, దానికి ముందు పండగ కూడా తగిలితే రెండు మూడు రోజులు మింగేస్తుంది. స్టాఫ్‌కి జీతం జూలై 31నే పడింది. ఆపరేటర్లకి 7లోగా. కాంట్రాక్టర్ తన వాళ్లకి ఇచ్చేసరికి 10 అయింది. మధ్యలో 8న వరమహాలక్ష్మి, బెంగళూరులో ఆ వారం ఇంటింటా ఖర్చే ఖర్చు, మూర మల్లెపూలు అడగాలంటేనే భయం. కాబట్టి 10కి ముందు గడువు పెట్టి లాభం లేదు. అటువైపు నుంచి చూస్తే వస్తువు 28కి చేతిలో ఉండాలి, 27న వినాయక చవితి, అంటే పని జరిగేది 26 వరకే. చేయించే వస్తువుకి 12 రోజులు కావాలన్నారు. అటు నుంచి లెక్కపెట్టుకొస్తే 14న ఆర్డర్ పడి తీరాలి. గడువు 12, మంగళవారం సాయంత్రం 6 గంటలు అని తేలింది. 14కీ 12కీ మధ్య ఉన్న ఆ రెండు రోజులు నా సొంతం, గ్రూపులో చెప్పలేదు. చెప్తే అందరూ 14 అనే అనుకుంటారు.

గడువులో వారం పేరు, గంట రెండూ రాయండి. "12లోగా" అంటే కొందరికి 11 రాత్రి, కొందరికి 13 పొద్దున. "మంగళవారం సాయంత్రం 6, తర్వాత వచ్చింది గిఫ్ట్‌లో కలవదు, స్వీట్లలో కలుస్తుంది" అని రాస్తే అందరికీ ఒకే అర్థం వస్తుంది, ఆలస్యమైనవాళ్లకి కూడా ఒక దారి ఉంటుంది.

ఆగస్టు 1న పెట్టిన మెసేజ్ ఇది. మేం కన్నడంలో పెట్టాం, ఇక్కడ తెలుగులో ఇస్తున్నా, మీ వాళ్ల భాషలోకి మార్చుకోండి:

"స్టోర్స్ సార్ ఈ 30న మనకి చివరి రోజు. అందరి తరఫునా ఒక గిఫ్ట్ ఇద్దాం. స్టాఫ్ 500, ఆపరేటర్లు 300. ఇష్టం ఉన్నవాళ్లే ఇవ్వండి, ఎవరు ఇచ్చారు ఎవరు ఇవ్వలేదు అన్నది నాకూ, క్యాషియర్ అన్నకీ తప్ప ఎవరికీ తెలియదు. కార్డు మీద డిపార్ట్‌మెంట్‌లో అందరి పేర్లూ ఉంటాయి. ఆగస్టు 12, మంగళవారం సాయంత్రం 6లోగా. నా నంబర్‌కి యూపీఐ చేయండి, రిమార్క్స్‌లో మీ పేరు రాయండి. క్యాష్ అయితే టీ టైమ్‌లో క్యాషియర్ అన్న దగ్గర. వచ్చిన డబ్బు, ఖర్చు లెక్క 30న ఇదే గ్రూపులో పెడతాను. సార్‌కి తెలియనివ్వకండి."

ఇందులో రెండు వాక్యాలు తీసేయకండి. ఒకటి "అందరి పేర్లూ ఉంటాయి" అన్నది. మా ప్యాకింగ్‌లో పనిచేసే ఒక హెల్పర్, ఒడిశా అబ్బాయి, 11వ తేదీ టీ టైమ్‌లో నూరు రూపాయల నోటు నాలుగు మడతలు పెట్టి తెచ్చి, నోటు చేతిలోనే పట్టుకుని "కార్డులో నా పేరు కూడా రాస్తారా?" అని అడిగాడు. మెసేజ్ చదివాడు, అయినా నమ్మకం లేదు. డబ్బు ఇవ్వకపోయినా రాస్తామని చెప్తే అప్పుడు నవ్వి, నోటు బల్ల మీద పెట్టి వెళ్లాడు. కార్డు మీద పేరు డబ్బు ఇచ్చినవాళ్లకే అన్నారంటే అది చందా రసీదు అయిపోతుంది, గిఫ్ట్ కాదు.

రెండోది లెక్క పెడతానన్న మాట. అది ముందే చెప్పడం వల్ల ఎవరికీ అనుమానం రాదు, చెప్పకుండా ఉంటే ఎంత నిజాయితీపరుడి మీదైనా క్యాంటీన్‌లో ఒక జోకు పడుతుంది.

ఆ మెసేజ్ ఏ గ్రూపులో పెడుతున్నారో మాత్రం ఒకటికి రెండుసార్లు చూసుకోండి. ఆ పెద్దాయన కూడా ఉన్న మామూలు గ్రూపులో పడేసి డిలీట్ చేయడానికి తంటాలు పడేవాళ్లు ప్రతి ఆఫీసులో ఒకరుంటారు. కొత్త గ్రూపు తెరవండి, దానికి ఆయన పేరు పెట్టకండి, పక్కనున్నవాళ్ల ఫోన్ స్క్రీన్ మీద కనిపించినా తెలియకూడదు. మేం "ఆగస్టు స్టాక్" అని పెట్టాం. తలా ఎంత అన్నది తేల్చడానికి వాట్సాప్ పోల్ అసలు పెట్టవద్దు. ఎవరు ఏ అంకెకి ఓటేశారో అందరికీ పేర్లతో కనిపిస్తుంది, 200కి ఓటేయాలనుకున్నవాడు కూడా 500 నొక్కుతాడు. అంకె మీరూ ఇంకో ఇద్దరూ కూర్చుని తేల్చండి, ఆ ఇద్దరిలో ఒకరు తప్పకుండా తక్కువ జీతం వైపు మనిషి అయి ఉండాలి. మా దగ్గర 300 అన్న అంకె ఒక ఆపరేటర్ నోటి నుంచే వచ్చింది, నేనైతే 400 అనేవాణ్ణేమో.

యూపీఐతో వచ్చే చిక్కు ఏమిటంటే, డబ్బు వచ్చిన పేరూ మన మనిషి పేరూ ఒకటి కావు. భార్య ఫోన్ నుంచి పంపుతారు, తమ్ముడి అకౌంట్ నుంచి పంపుతారు, బ్యాంకులో ఉన్న పూర్తి పేరు మనం పిలిచే పేరుతో కలవదు. మంజు అన్న పేరు మీద 300 వస్తుంది, మీ దగ్గర మంజులు ముగ్గురుంటారు. అందుకే రిమార్క్స్ అడగాలి, రాయకపోతే స్క్రీన్‌షాట్ అడగాలి, ఏ రోజుది ఆ రోజు రాత్రే నోట్‌బుక్‌లో ఎక్కించాలి. వారం ఆగితే ఎవరిది ఏదో ఎవరికీ గుర్తుండదు. క్యాష్ వేరే మనిషి దగ్గర పెట్టడం మంచిది, రెండూ ఒకరి దగ్గరే ఉంటే సొంత డబ్బుతో కలిసిపోతుంది.

గుర్తు చేయడం రెండుసార్లే. 9న ఒకటి, 12 పొద్దున ఒకటి. గ్రూపులో "ఇప్పటికి 31 మంది ఇచ్చారు" అనడం కూడా నాకు ఇష్టం ఉండదు, ఎందుకంటే ఆ మిగతావాళ్లు ఎవరా అని జనం లెక్కలేస్తారు. "ఇప్పటికి 9,400 వచ్చింది, గడువు మంగళవారం 6" అంటే చాలు. ఇచ్చినవాళ్ల పేర్ల పక్కన టిక్కు పెట్టి లిస్టు తిప్పడం కొన్నిచోట్ల చేస్తారు, డబ్బు తొందరగా వస్తుంది, నిజమే, కానీ ఆ డబ్బులో సగం సిగ్గుతో వచ్చింది. ఎవరైనా నిజంగా మర్చిపోయి ఉంటారనిపిస్తే విడిగా ఒక్కసారి ఇలా: "అన్నా, స్టోర్స్ సార్ గిఫ్ట్‌ది రేపు సాయంత్రంతో అయిపోతుంది. ఈ నెల కుదరకపోతే పర్లేదు, పేరు కార్డులో ఉంది." ఇందులో తప్పుకునే దారి కూడా ఉంది కాబట్టి ఎదుటివాడు నొచ్చుకోడు. జవాబు రాకపోతే మళ్లీ అడగకండి.

12 సాయంత్రానికి వచ్చింది ఇది: స్టాఫ్‌లో 16 మంది, 8,000. ఆపరేటర్లలో 17 మంది, 5,100. హెల్పర్లలో 9 మంది తలా వంద, 900. మొత్తం 14,000. అనుకున్న 12,500 కన్నా కొంచెం పైనే.

గిఫ్ట్ ఏమిటన్నది ఈ లోపే ముగ్గురం తేల్చుకున్నాం. అందరూ వెండి అన్నారు, వెండి అంటే ఎవరూ కాదనరు కాబట్టి. మా నుంచి మెట్రో ఎక్కితే నేరుగా చిక్కపేటలో దిగొచ్చు, రాజా మార్కెట్ అక్కడే. ఒకాయన వెళ్లి అడిగొచ్చాడు. అప్పుడు వెండి కిలో లక్షా పదిహేను వేల చుట్టుపక్కల ఉంది, మజూరీ, 3 శాతం జీఎస్టీ కలిపితే మా డబ్బుకి నూరు గ్రాములు కూడా సరిగ్గా రాదు. నూరు గ్రాముల్లో దీపాల జత అంటే అరచేతిలో పట్టేంత. ఆ తర్వాత ఆ ఏడాది చివరికి వెండి కిలో రెండు లక్షలు దాటింది, కాబట్టి ఇప్పుడు మీరు వెళ్తే ఇంకా చిన్నవి వస్తాయి. వెండే ఇవ్వాలని మీవాళ్లు పట్టుబడితే గ్రూపులో "ఇన్ని గ్రాములు" అని మాటివ్వకండి. మీరు మాటిచ్చిన రోజుకీ కొనే రోజుకీ రేటు మారుతుంది, డబ్బు మాత్రం అంతే ఉంటుంది.

నేను సార్ వాళ్ల అమ్మాయికి ఫోన్ చేశాను. ఇది మీరూ చేయండి, సర్‌ప్రైజ్ ఇంట్లోవాళ్లకి అక్కర్లేదు, ఆయనకి ఉంటే చాలు. అమ్మాయి చెప్పింది, "అంకుల్, వెండి సామాను బీరువాలోనే ఉంటుంది. సెప్టెంబర్‌లో ఊరికి మారిపోతున్నాం, వరండా పెద్దది, నాన్నకి కూర్చోడానికి మాత్రం మంచి కుర్చీ లేదు." అంతే, పడక కుర్చీ అని తేలిపోయింది. మైసూర్ రోడ్డు వైపు టింబర్ యార్డ్ లేఅవుట్‌లో ఒక వడ్రంగి టేకుతో, కేన్ అల్లికతో 10,500కి చేస్తానన్నాడు, 14న 5,000 అడ్వాన్స్. హిందూపురానికి వెళ్లే టెంపోలో మిగతా సామానుతో కలిపి వేయడానికి 1,200. వెనక పక్కన బిగించే చిన్న ఇత్తడి పలక, దాని మీద అక్షరాలకి 450. మొత్తం 12,150. ఫంక్షన్‌లో ఆ కుర్చీలో ఆయన్నే కూర్చోబెట్టి ఫోటో తీసి, అక్కణ్ణుంచే టెంపో ఎక్కించాం. పెద్ద వస్తువైతే ఈ రవాణా ఖర్చు తప్పకుండా వసూలులోనే పెట్టుకోండి. రిటైర్ అయిన మనిషి ఆ సాయంత్రం బరువైన గిఫ్ట్ పట్టుకుని ఆటో కోసం గేటు బయట నిలబడే పరిస్థితి రాకూడదు.

గడువు తర్వాత ఇంకో 1,300 వచ్చింది, ఇద్దరు స్టాఫ్, ఒక ఆపరేటర్. అలా మొత్తం 15,300. మైసూరు పేట అనే తలపాగా, శాలువా, గంధపు హారం, పండ్లకి 1,150. ఇక్కడ సన్మానం అంటే పేట లేకుండా కుదరదు, తెలుగువాళ్లమైనా అంతే. మైసూర్ పాక్, ఖారా అందరికీ, క్యాంటీన్‌వాళ్లకీ సెక్యూరిటీకీ కలిపి 1,750. ఖర్చు 15,050, మిగిలింది 250. మిగిలిన డబ్బు ఏం చేస్తారన్నది కూడా ముందే అనుకోండి, "వచ్చేసారికి ఉంచుదాం" అంటే అది ఎవరి అకౌంట్‌లో ఉందో వచ్చేసారికి ఎవరికీ తెలియదు. మేం దానికి ఒక రూపాయి చేర్చి 251 చేసి, ఆయన భార్య తాంబూలంలో పెట్టేశాం.

30 సాయంత్రం లెక్క గ్రూపులో పెట్టాను, వచ్చింది ఒక అంకె, ఖర్చు నాలుగైదు వరసలు, వడ్రంగి బిల్లు ఫోటో, టెంపో రసీదు ఫోటో. ఎవరెవరు ఎంతిచ్చారన్నది అందులో లేదు. మర్నాడు గ్రూపు మూసేశాను.

మీ విషయంలో ఇంకా నెల పైన టైముంది కాబట్టి ఈ వారం మీరు చేయాల్సింది మూడే: ఆయన చివరి పని రోజు కచ్చితంగా ఏదో చూసుకోండి, మీ దగ్గర ఎవరెవరికి ఏ తేదీన జీతం పడుతుందో కనుక్కోండి, వాళ్లింట్లో ఒకరితో మాట్లాడండి. వెయ్యి అన్నవాళ్లకి "మీరు విడిగా ఇవ్వండి సార్" అని ఇప్పుడే చెప్పేయండి, మెసేజ్ పెట్టాక చెప్తే గ్రూపులో వాదన అవుతుంది. మీ జీతాల తేదీలు ఇక్కడ రాస్తే గడువు ఎప్పుడు పెట్టాలో లెక్కేసి చెప్తాను.